మూడో నెలలో ఉద్యోగం మారితే డెలివరీ ఖర్చు ఎవరిది?

చేతిలో కొత్త ఆఫర్ లెటర్ ఉంటుంది. జీతం ఇప్పటికంటే బాగా ఎక్కువ. అదే వారంలో ఇంట్లో చేసుకున్న పరీక్షలో రెండు గీతలు కనిపిస్తాయి. హైదరాబాద్‌లోనో, విశాఖలోనో, బెంగళూరులోనో పనిచేసే అమ్మాయిలకు ఈ రెండూ కలిసి రావడం అరుదేమీ కాదు. పాతికకూ ముప్పై రెండుకూ మధ్య వయసులోనే ఉద్యోగాలు మారతారు, పిల్లల్నీ కంటారు. అప్పుడు వచ్చే మొదటి ప్రశ్న, ‘వెళ్లనా, ఉండనా?’ అని. దాని వెనకే ఇంకో ప్రశ్న: వెళితే డెలివరీ ఖర్చుకు ఇన్సూరెన్స్ వస్తుందా? ఆరు నెలల సెలవు జీతం వస్తుందా?

దీనికి ఒక్కముక్కలో జవాబు దొరకదు. ‘మెటర్నిటీ బెనిఫిట్’ అని అందరూ ఒకే మాటగా అనేది నిజానికి మూడు చోట్ల నుంచి వస్తుంది. ఆసుపత్రి బిల్లు కంపెనీ తీసిన గ్రూప్ పాలసీ నుంచి గానీ, మనం సొంతంగా తీసుకున్న పాలసీ నుంచి గానీ రావాలి. సెలవు రోజుల జీతం చట్టం ప్రకారం యజమాని ఇవ్వాలి. జీతం తక్కువున్నవాళ్లకు ఈ రెండింటి పనీ ఈఎస్ఐ చేస్తుంది. ఒక్కోదానికి ఒక్కో గడువు, ఒక్కో లెక్క ఉన్నాయి. ఒకదాని గడువును ఇంకోదానికి అంటగట్టుకుని కంగారుపడేవాళ్లు కొందరైతే, నిబ్బరంగా ఉండిపోయి చివర్లో నష్టపోయేవాళ్లు ఇంకొందరు.

ముందుగా సొంత పాలసీ సంగతి. గర్భం నిర్ధారణ అయ్యాక ‘ఇప్పుడైనా ఒక పాలసీ తీసుకుందాం’ అనుకునేవాళ్లు చాలామంది. ఈ డెలివరీకి అది పనికిరాదు. వ్యక్తిగత ఆరోగ్య పాలసీల్లో ప్రసూతి ఖర్చు మామూలుగా మినహాయింపుల జాబితాలోనే ఉంటుంది. కవర్ చేసే పాలసీలు కొన్ని ఉన్నా, వాటికి వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది. తక్కువంటే తొమ్మిది నెలలు, ఎక్కువంటే నాలుగేళ్లు, చాలావాటిలో రెండేళ్ల చుట్టుపక్కల. గర్భిణి కొత్తగా పాలసీకి దరఖాస్తు చేస్తే డెలివరీ అయ్యేదాకా ఆగమని చెప్పే కంపెనీలే ఎక్కువ.

ఈ వెయిటింగ్ ఎందుకో అర్థం చేసుకోవడం కష్టమేమీ కాదు. జ్వరమో ప్రమాదమో ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. కాన్పు తేదీ మాత్రం ఆరేడు నెలల ముందే తెలుస్తుంది. ఖర్చు ఖాయమని తెలిసిన తర్వాత చేరేవాళ్లే ఎక్కువైతే, ప్రీమియం దాదాపు డెలివరీ ఖర్చంత పెట్టాల్సి వస్తుంది. అందుకే బీమా సంస్థలు గడువు పెడతాయి.

ఈ గడువు పాలసీ మొదలైన రోజు నుంచి, ఏటా ఆగకుండా రెన్యువల్ చేస్తేనే లెక్కలోకి వస్తుంది. మధ్యలో పాలసీ తెగిపోతే మళ్లీ మొదటికొస్తుంది. బీమా మొత్తాన్ని మధ్యలో పెంచుకుంటే, పెంచిన భాగానికి గడువు కొత్తగా మొదలవుతుంది. కొన్ని పాలసీల్లో భార్యాభర్తలిద్దరూ ఒకే పాలసీలో ఉండాలన్న షరతు కూడా ఉంటుంది. కాబట్టి పెళ్లయిన కొత్తలో తీసుకుంటేనే సొంత పాలసీ కాన్పుకు అక్కరకొస్తుంది.

అయినా ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ప్రసూతి కవర్ లేని పాలసీ గర్భిణికి అసలు పనికిరాదని కాదు. మన దేశంలో ఆరోగ్య పాలసీలన్నిటిలో ప్రసూతి మినహాయింపును ఒకే వాక్యంలో, ఒకే కోడ్‌తో రాయాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిర్దేశించింది. పాలసీ పత్రంలో అది పద్దెనిమిదో నంబరు మినహాయింపు. డెలివరీ, సిజేరియన్, ప్రమాదం వల్ల కాని గర్భస్రావం, చట్టబద్ధమైన అబార్షన్‌ల ఖర్చు ఇవ్వమని అందులో ఉంటుంది. కానీ అదే వాక్యంలో ‘ఎక్టోపిక్ గర్భం మినహా’ అని కూడా ఉంటుంది. పిండం గర్భసంచిలో కాకుండా ట్యూబులో నాటుకుపోయి, ట్యూబు పగిలి ప్రాణం మీదకు వచ్చే పరిస్థితి అది. దాని ఆపరేషన్ ప్రసూతి కిందకు రాదు, మామూలు చికిత్స కిందకే వస్తుంది. అలాగే ఆరో నెలలో డెంగీ వచ్చి ఆసుపత్రిలో చేరితే అది డెంగీ చికిత్సే, ప్రసూతి కాదు. పేషెంట్ గర్భిణి అన్న ఒక్క కారణంతో ఇలాంటి క్లెయిమ్‌ను ‘ప్రసూతి సంబంధితం’ అని తిరస్కరిస్తే వదిలేయకండి. పాలసీలోని ఆ వాక్యాన్నే చూపించి అడగండి. డిశ్చార్జ్ సమ్మరీలో జబ్బు పేరు స్పష్టంగా ఉండేలా డాక్టరు గారితో రాయించుకోవడం దీనికి తొలిమెట్టు.

ఇక గ్రూప్ పాలసీ. ఉద్యోగినులకు అసలు ఆదుకునేది ఇదే. కంపెనీ తన ఉద్యోగులందరికీ కలిపి తీసుకుంటుంది కాబట్టి, బీమా సంస్థతో బేరమాడి వెయిటింగ్ పీరియడ్లను రద్దు చేయించుకోగలదు. చాలా పెద్ద కంపెనీల పాలసీల్లో మొదటి ముప్పై రోజుల గడువు, పాత జబ్బుల గడువు, ప్రసూతికి ఉండే తొమ్మిది నెలల గడువు అన్నీ రద్దయి ఉంటాయి. అంటే ఉద్యోగంలో చేరిన రోజు నుంచే డెలివరీకి కవర్ ఉంటుంది, చేరేటప్పటికి ఐదో నెల అయినా సరే. కానీ ఇది చట్టం ఇచ్చిన హక్కు కాదు, ఆ కంపెనీ కొన్న సౌకర్యం. చిన్న కంపెనీలు ప్రీమియం తగ్గించుకోవడానికి తొమ్మిది నెలల గడువును అలాగే ఉంచేస్తాయి. ఇంకొన్ని ప్రసూతి కవరే తీసుకోవు. ‘మా కంపెనీలో ఐదు లక్షల ఇన్సూరెన్స్ ఉంది’ అన్న మాటలో ఈ వివరమేదీ ఉండదు.

ఆ ఐదు లక్షలు డెలివరీకి వర్తించకపోవడం రెండో సంగతి. ప్రసూతికి విడిగా సబ్‌లిమిట్ పెడతారు. నార్మల్ డెలివరీకి యాభై వేలు, సిజేరియన్‌కు డెబ్బై ఐదు వేలు లాంటి అంకెలు తరచుగా కనిపిస్తాయి, కంపెనీని బట్టి మారతాయి. ఈ పరిమితి బిల్లు మీద ఎలా పనిచేస్తుందో ఒక ఉదాహరణ చూద్దాం.

ఒక ప్రైవేటు ఆసుపత్రిలో సిజేరియన్ జరిగి, నాలుగు రోజులు ఉండి, లక్షా ఇరవై వేల బిల్లు వచ్చిందనుకుందాం. రోజుకు 8,000 చొప్పున గది అద్దె 32,000. డాక్టరు, మత్తు డాక్టరు, ఆపరేషన్ థియేటర్, నర్సింగ్ కలిపి 55,000. మందులు 18,000. ల్యాబ్ పరీక్షలు 6,000. గ్లవ్స్, డైపర్లు, ఫైల్ చార్జీ లాంటి బీమా ఇవ్వని సామాను 9,000. ఆమె పాలసీలో గది అద్దె పరిమితి రోజుకు 5,000, సిజేరియన్ పరిమితి 75,000.

గదికి 20,000 మాత్రమే వస్తుంది. అంతటితో అయిపోదు. అర్హతకు మించిన గది తీసుకుంటే, డాక్టరు ఫీజు, థియేటర్ చార్జీల్లాంటి వాటినీ అదే నిష్పత్తిలో కోస్తారు, ఎందుకంటే ఆసుపత్రులు గది స్థాయిని బట్టే ఆ చార్జీలు వేస్తాయి. ఐదు భాగించు ఎనిమిది లెక్కన 55,000లో 34,375 నిలుస్తుంది. మందులకు, పరీక్షలకు ఈ కోత వేయకూడదని ఐఆర్‌డీఏఐ నిబంధన ఉంది కాబట్టి ఆ 24,000 పూర్తిగా లెక్కలోకి వస్తుంది. 9,000 పూర్తిగా పోతుంది. మొత్తం 78,375. పరిమితి 75,000 కాబట్టి వచ్చేది 75,000. మిగతా 45,000 ఆమె చేతి నుంచే కట్టాలి. క్యాష్‌లెస్ అంటే డబ్బు కట్టక్కర్లేదని అనుకుని ఆసుపత్రికి వెళ్లిన కుటుంబానికి డిశ్చార్జ్ రోజు కౌంటర్ దగ్గర ఈ 45,000 కట్టాల్సి వస్తుంది.

అదే పాలసీలో సిజేరియన్ పరిమితి 50,000 అయి ఉంటే? గది కోత లెక్కలేమీ పట్టకుండా 50,000 దగ్గరే ఆగిపోయేది. అందుకే ప్రసూతిలో ముందుగా చూడాల్సింది సబ్‌లిమిట్. దాని ముందు గది అద్దె పరిమితి చాలాసార్లు చిన్న విషయమే. చాలా ఆసుపత్రులు డెలివరీకి ప్యాకేజీ ధర చెబుతాయి. ఏడో నెలలోనే ఆసుపత్రి బీమా డెస్క్ దగ్గరకు వెళ్లి, మీ కార్డు చూపించి, ‘నార్మల్ అయితే ఎంత, సిజేరియన్ అయితే ఎంత, ఇందులో మా పాలసీ ఎంత ఇస్తుంది?’ అని రాతపూర్వకంగా అంచనా తీసుకుంటే ఆ రోజు గాభరా ఉండదు.

అన్నట్టు, తొమ్మిది నెలలూ అయ్యే ఖర్చు మరో పద్దు. డాక్టరు దగ్గరకు నెలనెలా వెళ్లడం, మూడో నెలలో ఎన్‌టీ స్కాన్, ఐదో నెలలో టిఫా స్కాన్, రక్తపరీక్షలు, ఐరన్ మాత్రలు, ఇవన్నీ ఆసుపత్రిలో చేరకుండా అయ్యే ఖర్చులు. కొన్ని గ్రూప్ పాలసీలు వీటికి ఐదు వేలో పదివేలో ఇస్తాయి. అది కూడా చాలాసార్లు పైన చెప్పిన సబ్‌లిమిట్‌లో నుంచే. అంటే స్కాన్లకు తీసుకున్నంత మేరకు డెలివరీకి తగ్గుతుంది. బిల్లులు మాత్రం మొదటి స్కాన్ నుంచీ ఒక కవరులో దాచుకోవాలి.

భర్తకూ ఉద్యోగం ఉండి, అతని కంపెనీ పాలసీలో భార్య పేరు ఉంటే పరిస్థితి చాలా మెరుగవుతుంది. ఒకే బిల్లుకు రెండు పాలసీల నుంచీ తీసుకోవచ్చు, మొత్తం బిల్లును మించకుండా. పైన చెప్పిన లెక్కలో భార్య పాలసీ 75,000 క్యాష్‌లెస్‌గా ఇచ్చాక, మిగిలిన మొత్తానికి భర్త పాలసీలో రీయింబర్స్‌మెంట్ పెట్టుకోవచ్చు. రెండో క్లెయిమ్‌కు మొదటి కంపెనీ ఇచ్చిన సెటిల్‌మెంట్ లెటర్, ఆసుపత్రి ముద్ర వేసి ధ్రువీకరించిన బిల్లుల నకళ్లు కావాలి. డిశ్చార్జ్ రోజే నకళ్ల మీద ముద్ర వేయించుకుంటే మళ్లీ పసిబిడ్డను ఇంట్లో పెట్టి తిరగాల్సిన పని తప్పుతుంది.

బిల్లు విషయంలో అన్నిటికన్నా పెద్ద ప్రమాదం మాత్రం తల్లి బిల్లు కాదు, బిడ్డ బిల్లు. నెలలు నిండకముందే పుట్టి, ఊపిరి సరిగా అందక ఎన్ఐసీయూలో పెడితే రోజుకు వేలల్లో అవుతుంది. వారం రోజులకే అది సిజేరియన్ ఖర్చును దాటిపోగలదు. పుట్టిన రోజు నుంచే బిడ్డకు కవర్ ఉన్న గ్రూప్ పాలసీలో ఈ ఖర్చు కుటుంబం మొత్తానికి ఉన్న మూడు లక్షల్లోంచో ఐదు లక్షల్లోంచో వస్తుంది. కానీ ‘నవజాత శిశువు ఖర్చు ప్రసూతి పరిమితికి లోబడి’ అని ఉన్న పాలసీల్లో ఆ 75,000 తల్లి బిల్లుకే అయిపోయి, బిడ్డకు రూపాయి మిగలదు. ఒక్క వాక్యం తేడా లక్షల తేడా తెస్తుంది. హెచ్ఆర్‌ను అడగాల్సిన అతి ముఖ్యమైన ప్రశ్న ఇదేనని నా నమ్మకం.

పాలసీలో ఉన్నా బిడ్డ దానంతట అదే చేరిపోదు. పుట్టిన వెంటనే హెచ్ఆర్‌కు మెయిల్ పెట్టి చేర్పించాలి. దీనికి పాలసీలో గడువు ఉంటుంది, చాలాచోట్ల నెల రోజులు. పేరు పెట్టలేదని ఆగక్కర్లేదు. ఆసుపత్రి రికార్డుల్లో ‘బేబీ ఆఫ్’ అని తల్లి పేరుతోనే ఉంటుంది, ఆ పేరుతోనే చేర్చవచ్చు. బారసాల అయ్యాక పేరు మార్పించుకోవచ్చు. బిడ్డ ఎన్ఐసీయూలో ఉంటే మాత్రం మరునాటి దాకా కూడా ఆగవద్దు. మెయిల్ ఎవరు పెట్టాలో, ఎవరికి పెట్టాలో డెలివరీకి ముందే ఇంట్లో అనుకోవాలి, ఎందుకంటే ఆ సమయానికి తల్లి ఆపరేషన్ తర్వాత మత్తులో ఉంటుంది.

ఇప్పుడు ఉద్యోగం మారే అమ్మాయి దగ్గరకు వద్దాం. పాత కంపెనీ గ్రూప్ పాలసీ మామూలుగా ఆఖరి పనిదినంతో ఆగిపోతుంది. కొత్త కంపెనీలో చేరిన తేదీ నుంచి కొత్త కవర్ మొదలవుతుంది. ఈ రెంటి మధ్య పదిహేను రోజులు ఇంటి దగ్గర విశ్రాంతి తీసుకుందామనుకుంటే, ఆ పదిహేను రోజులూ ఏ కవరూ ఉండదు. గర్భిణిగా ఉన్నప్పుడు ఆ ఖాళీ వదలకపోవడమే మంచిది. చేరిన తర్వాత ఈ-కార్డు రావడానికి రెండు మూడు వారాలు పట్టవచ్చు. కార్డు రాలేదంటే కవర్ లేదని కాదు. కానీ హెచ్ఆర్ మీ పేరు, మీ భర్త పేరు బీమా సంస్థకు పంపిందో లేదో కనుక్కోవాలి. అది పంపకపోతే క్లెయిమ్ సమయంలో ‘ఈ పేరు మా జాబితాలో లేదు’ అంటారు.

ఆఫర్ ఒప్పుకోవడానికి ముందే ఇన్సూరెన్స్ వివరాల పత్రం పంపమని అడగవచ్చు. అది ఏ ఉద్యోగి అయినా అడిగేదే, అడిగినందువల్ల గర్భిణి అని బయటపడదు. అసలు ఇంటర్వ్యూలో గర్భం సంగతి చెప్పి తీరాలన్న నియమం కూడా ప్రసూతి చట్టంలో లేదు. దీని మీద సుప్రీంకోర్టు 1991లో ఇచ్చిన తీర్పు ఒకటుంది, నీరా మాథుర్ కేసుగా ప్రసిద్ధం. ఎల్ఐసీలో ప్రొబేషన్‌లో ఉన్న ఉద్యోగిని ప్రసూతి సెలవుపై వెళితే, చేరేటప్పుడు ఇచ్చిన డిక్లరేషన్‌లో తప్పు వివరాలు రాసిందని ఉద్యోగం నుంచి తీసేశారు. ఆ ఫారంలో నెలసరి తేదీలు, గర్భాల వివరాలు అడిగారు. కోర్టు ఆమెను తిరిగి తీసుకోమంది. అలాంటి ప్రశ్నలు స్త్రీ మర్యాదకు భంగమని, ఆ కాలమ్‌లు తొలగించాలని చెప్పింది. ముప్పై ఏళ్లు దాటినా ఇంటర్వ్యూల్లో ‘పిల్లల ప్లాన్ ఎప్పుడు?’ అని అడిగేవాళ్లు ఇంకా ఉన్నారు. జవాబు చెప్పాల్సిన పని లేదు.

ఇన్సూరెన్స్ చేరిన రోజు నుంచే ఉండవచ్చు గానీ, సెలవు జీతానికి అలా కాదు. 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టం, 2017 సవరణతో, పదిమంది లేదా అంతకు మించి పనిచేసే సంస్థల్లో మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల జీతంతో కూడిన సెలవు ఇచ్చింది. ఇద్దరు పిల్లలున్నాక అయితే 12 వారాలు. 2025 నవంబరు 21 నుంచి ఈ నియమాలు సామాజిక భద్రతా కోడ్‌లోకి వచ్చాయి. వారాలు, అర్హతలు అవే. అర్హత ఏమిటంటే, డెలివరీ కావచ్చని డాక్టరు చెప్పిన తేదీకి ముందు పన్నెండు నెలల్లో, ఏ యజమాని నుంచి జీతం అడుగుతున్నారో ఆ యజమాని దగ్గరే కనీసం 80 రోజులు పనిచేసి ఉండాలి. పాత కంపెనీలో చేసిన నాలుగేళ్లూ ఇందులో లెక్కకు రావు.

తేదీలతో చూస్తే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. ఆమె జూన్ 1, సోమవారం నాడు కొత్త కంపెనీలో చేరింది. డాక్టరు చెప్పిన తేదీ అక్టోబరు 15. చట్టం ప్రకారం డెలివరీకి ఎనిమిది వారాల ముందు నుంచి, అంటే ఆగస్టు 20 నుంచి సెలవు తీసుకోవచ్చు. జూన్ 1 నుంచి ఆగస్టు 19 వరకు క్యాలెండర్ ప్రకారం సరిగ్గా 80 రోజులు. కానీ చట్టం అంటున్నది పనిచేసిన రోజులు. చట్టప్రకారం జీతంతో ఇచ్చే పండుగ సెలవుల్ని కలుపుకోవచ్చు గానీ శని, ఆదివారాలను అన్ని కంపెనీలూ కలపవు. వారానికి ఐదు రోజుల పనిలెక్కన అప్పటికి 58 రోజులే అవుతాయి. వాదనకు తావివ్వకుండా ఉండాలంటే పదహారు వారాలు, అంటే సెప్టెంబరు 18 శుక్రవారం దాకా పనిచేస్తే 80 నిండుతాయి. ఇంటి నుంచి పని చేసిన రోజులు కూడా పనిరోజులే. అక్కడి నుంచి, సెప్టెంబరు 21 సోమవారం సెలవు మొదలుపెడితే 26 వారాలు మార్చి 21తో పూర్తవుతాయి. డెలివరీకి ముందు తక్కువ వాడుకుంటే, మిగిలింది బిడ్డతో ఉండటానికి కలుస్తుంది.

అదే ఆమె ఆగస్టులో చేరి ఉంటే 80 రోజులు నిండటం అసాధ్యం. అప్పుడు చట్టం ప్రకారం ఆ జీతం అడగలేదు. కంపెనీ తన పాలసీ ప్రకారం ఇస్తే సరే, లేదా చేరే తేదీ ఇప్పుడే ముందుకు జరుపుకోవాలి, లేదా పాత చోటే డెలివరీ దాకా ఉండాలి. నెలన్నర ముందు చేరితే ఆరు నెలల జీతం దక్కుతుంది. జీతం పెంపు ఎంత వస్తుందని ఎంత లెక్క వేస్తారో, ఈ తేదీల్ని కూడా అంత జాగ్రత్తగా లెక్క వేయాలి.

ఈ సెలవు జీతం రోజువారీ సగటు మీద ఇస్తారు, సెలవుకు వెళ్లే ముందు మూడు క్యాలెండర్ నెలల సగటు. ఆదివారాలను మినహాయించి వారానికి ఆరు రోజులకే ఇస్తామంటే కుదరదని సుప్రీంకోర్టు 1977లోనే, కోయంబత్తూరు లేబర్ కోర్టు నుంచి వెళ్లిన బి. షా కేసులో తేల్చింది. డెలివరీకి ముందు కాలానికి చెందిన జీతం గర్భం రుజువు చూపగానే ముందుగా ఇవ్వాలి. మిగతాది బిడ్డ పుట్టినట్టు రుజువు ఇచ్చిన 48 గంటల్లో ఇవ్వాలి. మామూలుగా కంపెనీలు నెలనెలా జీతంలాగే వేస్తాయి, ఇద్దరికీ అదే సౌకర్యం అయితే ఇబ్బంది లేదు. గర్భస్రావమైతే ఆరు వారాల జీతంతో సెలవు ఉంది. ఈ సంగతి చాలామందికి తెలియక, రెండు రోజులకే ఆఫీసుకు వెళ్లిపోతారు. దయచేసి అలా చేయకండి. ఈ సెలవుల్లో ఉండగా ఉద్యోగం నుంచి తీసేయడం చట్టవిరుద్ధం, ప్రొబేషన్‌లో ఉన్నా, కాంట్రాక్టులో ఉన్నా సరే.

జీతం నెలకు 21,000 లోపు ఉంటే దారి వేరు. వస్త్ర దుకాణాల్లో, ప్రైవేటు ఆసుపత్రుల్లో, కాల్‌సెంటర్లలో పనిచేసే వేలమంది అమ్మాయిలు ఈఎస్ఐలో ఉంటారు. జీతంలో ఉద్యోగి వాటా 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. ఇక్కడ ప్రసూతికి 26 వారాల జీతం ఈఎస్ఐ సంస్థే ఇస్తుంది, యజమాని కాదు. డెలివరీ ఈఎస్ఐ ఆసుపత్రిలో, హైదరాబాద్‌లో అయితే సనత్‌నగర్ లాంటి చోట, ఉచితంగా జరుగుతుంది. సబ్‌లిమిట్ అన్న మాటే లేదు.

ఉద్యోగం మారేవాళ్లకు ఈఎస్ఐలో ఇంకో పెద్ద మేలు ఉంది. అర్హత లెక్క యజమానిని పట్టి ఉండదు, మీ బీమా నంబరును పట్టి ఉంటుంది. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు ఒక విడత, అక్టోబరు నుంచి మార్చి వరకు ఇంకో విడతగా చందా లెక్కిస్తారు. జులై నుంచి డిసెంబరు మధ్య డెలివరీ అయితే, మార్చితో ముగిసిన ఆఖరి రెండు విడతల్లో కలిపి 70 రోజులకు చందా పడి ఉండాలి. ఆ 70 రోజులు ఒక దుకాణంలో కొంత, ఇంకో దుకాణంలో కొంత అయినా ఫరవాలేదు. అందుకని కొత్త చోట చేరినప్పుడు పాత ఈఎస్ఐ నంబరే ఇవ్వాలి. తొందరలో కొత్త నంబరు సృష్టిస్తే పాత రోజులన్నీ వేరే ఖాతాలో చిక్కుకుపోతాయి. అన్యాయంగా డబ్బు ఆగిపోవడానికి ఇదొక ముఖ్య కారణం, దిద్దించుకోవడానికి నెలలు పడుతుంది. మొదటి ఉద్యోగమే అయి, చందా రోజులు చాలకపోతే, వైద్యం దొరుకుతుంది గానీ నగదు రాదు.

ఇంత చూసుకున్నా క్లెయిమ్ ఆగిపోవచ్చు. చాలాసార్లు దానికి కారణం చిన్నదే: ఆధార్‌లో పెళ్లికి ముందు ఇంటిపేరు, కార్డులో పెళ్లి తర్వాతి ఇంటిపేరు, ఆసుపత్రి రికార్డులో ఇంకో స్పెల్లింగు. ఇవి మూడూ ఒకేలా ఉన్నాయా లేదా అని ఏడో నెలలోనే చూసుకోవాలి. క్యాష్‌లెస్ అనుమతి అడిగిన గంటలోపు బీమా సంస్థ జవాబివ్వాలని, డిశ్చార్జ్ బిల్లు పంపిన మూడు గంటల్లో తుది అనుమతి ఇవ్వాలని ఐఆర్‌డీఏఐ 2024లో ఆదేశించింది. అంతకు మించి బిడ్డను ఒళ్లో పెట్టుకుని లాబీలో కూర్చోబెడితే ఆ నియమం గుర్తు చేయండి.

తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా తీసుకుని ముందు బీమా సంస్థ ఫిర్యాదుల విభాగానికే రాయాలి. రెండు వారాల్లో జవాబు రాకపోయినా, వచ్చింది సబబుగా లేకపోయినా, ఐఆర్‌డీఏఐ నడిపే బీమా భరోసా పోర్టల్‌లో, లేదా 155255 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు ఇవ్వవచ్చు. ఆ తర్వాత మెట్టు బీమా అంబుడ్స్‌మన్. రెండు తెలుగు రాష్ట్రాలకూ ఆ కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది, ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. తుది తిరస్కరణ వచ్చిన ఏడాదిలోపు వెళ్లాలి. సెలవు జీతం ఆపితే మాత్రం అది బీమా గొడవ కాదు, కార్మిక శాఖ అధికారికి ఇవ్వాల్సిన ఫిర్యాదు. రెండింటికీ కావలసిన కాగితాలు దాదాపు ఒకటే: ఆఫర్ లెటర్, మూడు నెలల జీతం స్లిప్పులు, డాక్టరు ఇచ్చిన గర్భ నిర్ధారణ పత్రం, హెచ్ఆర్‌కు పెట్టిన సెలవు మెయిల్. ఆఫీసు మెయిల్ సెలవులో ఉండగా మూసుకుపోయే అవకాశం ఉంది కాబట్టి, వీటి నకళ్లు సొంత మెయిల్‌లో కూడా ఉంచుకోండి.